ఎనిమిది జీబీల కార్డుకి పావు జీబీ కిటికీ

విండోస్ 7 రోజుల్లో కంప్యూటర్ కొన్న చాలామందికి ఒక అనుమానం ఉండేది. నాలుగు జీబీల ర్యామ్‌కి డబ్బు కట్టాం, సిస్టమ్ ప్రాపర్టీస్ తెరిస్తే వాడుకోవడానికి దొరికేది మూడుంబావే అని చూపిస్తోంది, మిగిలిన ముప్పావు ఏమైనట్టు? షాపులో మోసం చేశారనుకున్నవాళ్లూ ఉన్నారు. కారణం వేరు. 32 బిట్ల విండోస్ లెక్కపెట్టగలిగే చిరునామాలు మొత్తం కలిపి నాలుగు జీబీలకే సరిపోతాయి. ఆ చిరునామాలు ఒక్క ర్యామ్‌కే కాదు, గ్రాఫిక్స్ కార్డుకీ నెట్‌వర్క్ చిప్‌కీ సౌండ్‌కీ అందులోంచే పంచాలి. పంపకం అయ్యాక ర్యామ్‌కి మిగిలింది ఆ మూడుంబావు.

విండోస్ 64 బిట్లకు మారాక ర్యామ్ విషయంలో ఈ ఇబ్బంది పోయింది. గ్రాఫిక్స్ కార్డు విషయంలో మాత్రం చాలాకాలం పోలేదు. కార్డు మీద ఎనిమిది జీబీల సొంత మెమరీ ఉన్నా, పదహారు ఉన్నా, ప్రాసెసర్‌కి ఒకసారికి కనిపించేది 256 ఎంబీ మాత్రమే. పాత 32 బిట్ల వ్యవస్థలతో తేడా రాకుండా, నాలుగు జీబీల గీతకు కింద అన్ని పరికరాలూ ఇమడాలని పెట్టుకున్న కొలత అది. బయోస్‌లో ఒక సెట్టింగు మారిస్తే ఆ హద్దు తొలగిపోతుంది. ఆ సెట్టింగు ఏం చేస్తుంది, ఎవరి సిస్టమ్‌లో దానివల్ల నిజంగా లాభం ఉంది, మార్చేటప్పుడు ఎక్కడ దెబ్బ తగులుతుంది అన్నదే ఈ వ్యాసం. గ్రాఫిక్స్ కార్డు కొనే ముందే ఇది తెలిసి ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే ఒక రకం కార్డుల విషయంలో ఈ సెట్టింగు లేని కంప్యూటర్‌లో పెట్టిన డబ్బులో కొంత వృథాయే.

ఒక పెద్ద గోదాముకి చిన్న కిటికీ ఒక్కటే ఉందనుకోండి. లోపల ఎంత చోటున్నా బయటివాడి చెయ్యి అందేది ఆ కిటికీ దగ్గరి అరల వరకే. లోపలి మూలకు సరుకు చేరాలంటే బయట అరుగు మీద దించి, గోదాములోని కూలీని పిలిచి మోయించాలి. కంప్యూటర్‌లో జరిగేదీ దాదాపు ఇదే. ఆటలో కొత్త దృశ్యం వచ్చినప్పుడు గోడల బొమ్మలు, మనుషుల ఆకారాలు, వెలుగు నీడల లెక్కలు కార్డు మెమరీలోకి వెళ్లాలి. 256 ఎంబీ కిటికీలో పట్టనిదాన్ని ప్రాసెసర్ ముందు మామూలు ర్యామ్‌లో ఒకచోట పెడుతుంది. తర్వాత కార్డులోని కాపీ యంత్రాంగం దాన్ని అక్కడినుంచి లోపలికి లాక్కుంటుంది. అంటే ఒకే సరుకు రెండుసార్లు కదులుతుంది, మధ్యలో ఒకరి కోసం ఒకరు ఆగాల్సి వస్తుంది.

ఈ కిటికీ కొలతను నిర్ణయించే రిజిస్టర్ ప్రతి పీసీఐ పరికరంలోనూ ఉంటుంది. దాని పేరు బేస్ అడ్రస్ రిజిస్టర్, పొట్టిగా బార్. కొలత మార్చుకునే వీలున్న బార్ కాబట్టి రీసైజబుల్ బార్ అన్నారు. పీసీఐ ప్రమాణాలు తయారుచేసే సంఘం 2008లోనే దీనికి నిబంధనలు రాసింది. మామూలు వినియోగదారుడి చెవిన ఆ మాట పడడానికి మాత్రం పన్నెండేళ్లు పట్టింది. 2020 అక్టోబర్‌లో ఏఎండీ తన రేడియాన్ ఆర్‌ఎక్స్ 6000 కార్డులను ప్రకటిస్తూ స్మార్ట్ యాక్సెస్ మెమరీ అనే పేరుతో దీన్ని ముందుకు తెచ్చింది. తర్వాతి ఏడాది ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 30 కార్డులకు ఇచ్చింది. 2022లో ఇంటెల్ ఆర్క్ కార్డులు వచ్చేసరికి ఇది దాదాపు తప్పనిసరి అయింది. పేర్లు వేరైనా అడుగున ఉన్న పని ఒక్కటే. మదర్‌బోర్డు కంపెనీల్లో అజ్‌రాక్ దీన్ని క్లెవర్ యాక్సెస్ మెమరీ అంటుంది.

బయోస్‌లో దీనికి సాధారణంగా రెండు మీటలుంటాయి. మొదటిది Above 4G Decoding. పరికరాల చిరునామాలను నాలుగు జీబీల గీతకు పైన కూడా కేటాయించవచ్చని బోర్డుకి చెప్పేది ఇదే. రెండోది Re-Size BAR Support. పైన దొరికిన ఆ చోటులో కార్డు మెమరీ మొత్తాన్నీ పరిచేది ఇది. మొదటిది వెయ్యకుండా రెండోదానికి అర్థం లేదు. చాలా బోర్డుల్లో మొదటిది Enabled చేసేదాకా రెండోది కనిపించదు కూడా. "మా బోర్డులో ఆ ఆప్షనే లేదు" అనేవాళ్లలో కొందరి సమస్య ఇక్కడే తీరిపోతుంది.

కిటికీ పెద్దదైనంత మాత్రాన అన్నీ వేగంగా పరిగెత్తవు. ప్రాసెసర్ ఇప్పుడు కార్డు మెమరీలోకి నేరుగా రాయగలదు, రాయడం వేగంగానే సాగుతుంది. అదే మెమరీలోంచి ప్రాసెసర్ తిరిగి చదవాలంటే మాత్రం నత్తనడకే, ఎందుకంటే ఆ సమాచారం ప్రాసెసర్ దగ్గరి కాష్‌లో నిలవదు. ప్రతి చిన్న ముక్కకీ పీసీఐ దారి వెంట కార్డు దాకా వెళ్లి రావాలి. అందువల్ల ఏ సమాచారం ఎక్కడ పెట్టాలో డ్రైవర్ సరిగ్గా ఎంచుకుంటేనే లాభం. తప్పుగా ఎంచుకుంటే ఆట ఇదివరకటికన్నా నెమ్మదించవచ్చు. ఎన్విడియా అన్ని ఆటలకూ ఒకేసారి దీన్ని వర్తింపజేయకుండా, పరీక్షించి మేలు కనిపించిన ఆటలకే డ్రైవర్‌లో అనుమతించడం వెనక ఉన్న కారణం ఇదే. ఏఎండీ, ఇంటెల్ మాత్రం మొత్తంగా వర్తింపజేసే దారి పట్టాయి.

లాభం ఎంత అన్నది కార్డు ఎవరిది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎన్విడియా కార్డుల్లో చాలా ఆటలకు తేడా కొద్ది శాతమే, కొన్నింటికి అసలు ఉండదు. రేడియాన్ కార్డుల్లో కాస్త ఎక్కువ. అస్సాసిన్స్ క్రీడ్ వల్హల్లా వంటి ఆటల్లో కంటికి తెలిసేంత ఉంటుంది. ఇంటెల్ ఆర్క్ సంగతి పూర్తిగా వేరు. దాని డ్రైవర్‌నీ మెమరీ వ్యవస్థనీ పెద్ద కిటికీ ఉంటుందన్న నమ్మకంతో కట్టారు. అది లేకపోతే వేగంలో ఐదో వంతు, నాలుగో వంతు పోవడం మామూలే, కొన్ని ఆటల్లో ఇంకా ఎక్కువ పోతుంది. సగటు తగ్గడం ఒక ఎత్తు, ఆట మధ్యమధ్యలో గుటుక్కున ఆగి కదలడం ఇంకో ఎత్తు. ఆ కుదుపులు భరించడం కష్టం. అందుకే ఇంటెల్ తన ఆర్క్ కార్డులకు రీసైజబుల్ బార్ ఉన్న సిస్టమ్ కావాలని ముందే చెబుతోంది. ప్రాసెసర్ వైపు తమ 10వ తరం లేదా ఆ తర్వాతివి, ఏఎండీ అయితే రైజెన్ 3000 లేదా ఆ తర్వాతివి ఉండాలంటోంది. రైజెన్ పేరులో 3 కనిపించినా 3200జీ, 3400జీ లోపల పాత తరానివి, వాటిని ఇందులో లెక్కించకూడదు.

ఇప్పుడొక సిస్టమ్ తీసుకుని మొదటినుంచి చివరిదాకా చూద్దాం. మన దగ్గర ఎన్నో ఇళ్లలో ఉన్నలాంటిదే. రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీల ర్యామ్, 2019లో వేసిన విండోస్ 10. అందులో ఉన్న జీటీఎక్స్ 1050 టీఐ తీసేసి ఎనిమిది జీబీల ఆర్క్ ఏ750 పెట్టాలి. కాగితం మీద అన్నీ సరిపోతాయి. చిక్కు విండోస్ ఇన్‌స్టాల్ అయిన పద్ధతిలో ఉంది.

ముందు కీబోర్డులో విండోస్ మీటతో పాటు R నొక్కి `msinfo32` అని కొట్టండి. వచ్చిన పట్టికలో BIOS Mode అనే వరుస ఉంటుంది. అక్కడ UEFI అని ఉంటే సగం పని తప్పినట్టే. Legacy అని ఉంటే, పాతకాలపు బయోస్‌ని అనుకరించే సీఎస్‌ఎం అనే పొర మీద విండోస్ నడుస్తోందన్నమాట. రీసైజబుల్ బార్ పనిచెయ్యాలంటే ఆ పొర తీసెయ్యాలి. నేరుగా తీసేస్తే డిస్కు పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంటుంది కాబట్టి విండోస్ లేవదు. నల్లటి తెర మీద బూట్ చేసే డిస్కు దొరకలేదన్న సందేశమో, తిరిగి బయోస్ తెరో వస్తుంది. డేటా పోయిందని కంగారుపడి విండోస్ మళ్లీ వేసేవాళ్లున్నారు. అవసరం లేదు, సీఎస్‌ఎం మళ్లీ Enabled చేస్తే పాత విండోస్ యథాతథంగా లేస్తుంది. పద్ధతిగా చెయ్యాలంటే సీఎస్‌ఎం తీసేముందు డిస్కుని జీపీటీకి మార్చాలి.

దానికి విండోస్‌లోనే సాధనం ఉంది. ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్కులోకి ఎక్కించుకోండి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ముందు పరీక్ష మాత్రం చెయ్యండి:

```
mbr2gpt /validate /allowFullOS
```

ఇది డిస్కులో ఏమీ మార్చదు, మార్చడం కుదురుతుందో లేదో చెబుతుంది. మనవాళ్ల కంప్యూటర్లలో ఇక్కడ తరచూ ఒక అడ్డు వస్తుంది. సీ, డీ, ఈ, ఎఫ్ అని డిస్కుని ముక్కలు చేయించుకోవడం మనకు అలవాటు. ఈ సాధనం మూడు ప్రైమరీ పార్టిషన్ల దాకానే ఒప్పుకుంటుంది, లాజికల్ పార్టిషన్లు ఉంటే అసలు ఒప్పుకోదు. విండోస్ తనకోసం పెట్టుకునే చిన్న సిస్టమ్ పార్టిషన్ ఒకటి, సీ ఒకటి, డీ ఒకటి, దాంతో మూడూ అయిపోతాయి. ఈ డ్రైవ్ కూడా అదే డిస్కులో ఉంటే పరీక్ష విఫలమని వస్తుంది. అప్పుడు ఈ డ్రైవ్‌లోని సరుకు బయటికి తీసి ఆ పార్టిషన్ తొలగించి మళ్లీ పరీక్షించాలి. పరీక్ష నెగ్గితే అసలు మార్పు ఇలా:

```
mbr2gpt /convert /allowFullOS
```

అంతా సవ్యంగా జరిగితే కొద్ది క్షణాల పని. ఆ తర్వాత కంప్యూటర్ పాత పద్ధతిలో లేవదు, కాబట్టి మరుసటి రీస్టార్ట్‌లో నేరుగా బయోస్‌లోకి వెళ్లి సీఎస్‌ఎం తీసెయ్యాలి.

దీనికన్నా ముందు చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది, బయోస్ వెర్షన్. ఈ ఉదాహరణలోని బీ450 బోర్డు 2018 నాటి తరం, అప్పటికి ఈ సదుపాయం మామూలు వినియోగదారుల దాకా రాలేదు. తర్వాత వచ్చిన బయోస్ అప్‌డేట్లతోనే ఆ ఆప్షన్ ఈ తరం బోర్డులకు చేరింది. బోర్డు తయారీదారు వెబ్‌సైట్లో మీ మోడల్ పేరు అక్షరం పొల్లుపోకుండా సరిచూసి ఫైలు దించుకోవాలి. పెన్‌డ్రైవ్‌ని FAT32లో ఫార్మాట్ చేసి అందులో పెట్టి, బయోస్‌లోపలి అప్‌డేట్ సాధనంతో ఎక్కించాలి. ఆ రెండు మూడు నిమిషాల్లో కరెంటు పోతే బోర్డు మూగబోయే ప్రమాదం నిజంగా ఉంది. యూపీఎస్ లేకుండా, ముఖ్యంగా వానాకాలంలో, ఈ పనికి పూనుకోవద్దు. డిస్కుకి బిట్‌లాకర్ తాళం ఉంటే దాన్ని ముందే నిలిపివెయ్యండి. లేకపోతే బయోస్ మారిందని గమనించి నలభై ఎనిమిది అంకెల రికవరీ కీ అడుగుతుంది, అది చేతిలో లేనివాడి బాధ వర్ణించలేం. అప్‌డేట్ తర్వాత ర్యామ్ వేగం వంటి పాత సెట్టింగులు మొదటికి వస్తాయి, వాటినీ తిరిగి పెట్టుకోవాలి.

ఇక మీటలు. ఏసస్ బోర్డుల్లో Advanced మెనూ కింద PCI Subsystem Settings లోపల ఉంటాయి. గిగాబైట్‌లో Settings, దాని కింద IO Ports. ఎంఎస్‌ఐలో Settings, Advanced కింద పీసీఐ ఉపమెనూలో. Above 4G Decoding ని Enabled చెయ్యండి, Re-Size BAR Support ని Enabled లేదా Auto చెయ్యండి, CSM ని Disabled చెయ్యండి. బూట్ వరుసలో Windows Boot Manager ముందుండేలా చూసి, భద్రపరచి బయటికి రండి. తెర అసలే వెలగకపోతే భయం వద్దు. సీఎస్‌ఎం లేకుండా తెర వెలిగించే ఏర్పాటు లేని బాగా పాత కార్డుల్లో అలా జరుగుతుంది. బోర్డు మీది క్లియర్ సీమాస్ జంపర్‌తోనో, కరెంటు తీసేసి గుండ్రటి బ్యాటరీని కాసేపు బయటికి తీసి పెట్టో సెట్టింగులను మొదటికి తేవచ్చు.

విండోస్ లేచాక సెట్టింగు నిజంగా అమల్లోకి వచ్చిందా అని చూడాలి. బయోస్‌లో Enabled అని ఉన్నంత మాత్రాన సరిపోదు. చాలామంది డివైస్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ కార్డు మీద రైట్ క్లిక్ చేసి Properties తెరిచి, Resources పేజీలో Large Memory Range అన్న మాట కనిపిస్తే తృప్తిపడతారు. ఆ మాట చెప్పేది చిరునామా నాలుగు జీబీలకు పైన ఉందని మాత్రమే. మొదటి మీట ఒక్కటే వేసినా అది రావచ్చు. పక్కనున్న అంకెలు చదివితేనే అసలు సంగతి తెలుస్తుంది. ఉదాహరణకు `0x7C00000000` నుంచి `0x7C0FFFFFFF` దాకా అని ఉంటే అది ఇంకా 256 ఎంబీ కిటికీయే. `0x7C00000000` నుంచి `0x7DFFFFFFFF` దాకా ఉంటే పూర్తి ఎనిమిది జీబీలు. ఈ అంకెల లెక్క ఎందుకనుకుంటే జీపీయూ-జీ అనే ఉచిత సాధనం Resizable BAR ఎదురుగా Enabled అనో Disabled అనో నేరుగా చూపిస్తుంది. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్లో System Information లో Yes, No అని ఉంటుంది. లినక్స్ వాడేవాళ్లు `sudo lspci -vv` కొట్టి గ్రాఫిక్స్ కార్డు భాగంలో `[size=256M]` ఉందా `[size=8G]` ఉందా చూస్తే చాలు.

ఫలితం కొలిచేటప్పుడు సగటు ఫ్రేముల సంఖ్య ఒక్కటే చూడకండి. ఒకే ఆట, ఒకే దృశ్యం, ఒకే నాణ్యత పెట్టి ముందూ తర్వాతా నడపండి. ఒక శాతం కనిష్ఠ ఫ్రేములని పరీక్షల్లో చూపించే అంకెను పోల్చండి. అత్యంత నెమ్మదైన క్షణాలు ఎలా ఉన్నాయో అది చెబుతుంది, ఆర్క్ కార్డులో మార్పు బాగా తెలిసేది అక్కడే.

ఇందాకటి సిస్టమ్‌లో అన్నీ కుదిరాయి. కుదరని సిస్టమ్‌లు మన ఊళ్లలో చాలా ఉన్నాయి. ఆఫీసుల నుంచి తీసేసిన బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లు, నాలుగో తరం నుంచి ఏడో తరం దాకా ఐ5 ప్రాసెసర్లతో, తక్కువ ధరకు దొరుకుతాయి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వైపు వెళ్తే ఇలాంటివి అడిగే పిల్లలు, వాళ్ల తండ్రులు తరచూ కనిపిస్తారు. దానికో గ్రాఫిక్స్ కార్డు తగిలిస్తే ఆటలకు సరిపోతుందన్నది వాళ్ల లెక్క, ఆ లెక్క సాధారణంగా తప్పు కాదు. కానీ ఆ డబ్బాల బయోస్‌లో Re-Size BAR ఆప్షన్ ఉండదు, తయారీదారు ఇకముందు ఇస్తాడన్న ఆశా లేదు. వాటికి ఆర్క్ కార్డు కొనడం పొరపాటు. అదే ధరలో రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600 గానీ ఎన్విడియా కార్డు గానీ పెడితే ఈ సదుపాయం లేనందువల్ల పోయేది స్వల్పమే. షాపులో ఈ మాట చెప్పేవాళ్లు అరుదు. బయోస్‌ని ఎవరో మార్చి పెట్టిన ఫైళ్లు ఇంటర్నెట్లో దొరుకుతాయి, పనిచేసినవీ ఉన్నాయి. ఉన్న ఒక్క కంప్యూటర్‌ మీద పిల్లల చదువు ఆధారపడిన ఇంట్లో ఆ ప్రయోగం వద్దని చెబుతాను.

ఇంటెల్ 8, 9 తరాల వాళ్లది మధ్యస్థితి. అధికారిక జాబితాలో లేకపోయినా కొందరు బోర్డు తయారీదారులు అప్‌డేట్‌తో ఈ సదుపాయం ఇచ్చారు, కాబట్టి మీ బోర్డు పేజీ ఒకసారి చూడటం మంచిది. కార్డుల వైపు చూస్తే ఎన్విడియాలో ఆర్‌టీఎక్స్ 30 నుంచి అధికారిక మద్దతు ఉంది, జీటీఎక్స్ 16, ఆర్‌టీఎక్స్ 20 కార్డులకు లేదు. ఆర్‌టీఎక్స్ 30లో మొదట వచ్చిన డెస్క్‌టాప్ కార్డులు సెకండ్‌హ్యాండ్‌లో కొంటే, కార్డుకే వేరుగా ఒక ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కావాల్సి రావచ్చు. బోర్డులో అన్నీ సరిగ్గా ఉన్నా No అని చూపిస్తుంటే ముందు అనుమానించాల్సింది దాన్నే. ఏఎండీలో ఆర్‌ఎక్స్ 5000 నుంచి పైవన్నీ సరే. పీసీఐ దారి 3.0 అయినా 4.0 అయినా ఇది పనిచేస్తుంది. ల్యాప్‌టాప్‌లలో ఈ మీట సాధారణంగా బయటికి కనిపించదు, తయారీదారు వేసి ఇస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. విడిగా కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే నడిచే కంప్యూటర్లకు దీనితో పని లేదు, అక్కడ ఇద్దరూ వాడేది ఒకే ర్యామ్. వాటి బయోస్‌లో కనిపించే UMA Frame Buffer Size వేరే సంగతి, గ్రాఫిక్స్‌కి ర్యామ్‌లోంచి ఎంత పక్కన పెట్టాలన్నది అది చెబుతుంది.

ఒకసారి వేసిన మీట ఎప్పటికీ అలాగే ఉంటుందనుకోవద్దు. బయోస్‌ని మళ్లీ అప్‌డేట్ చేసినా, బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయినా సెట్టింగులు మొదటికి వస్తాయి. డిస్కు జీపీటీలో ఉంటే విండోస్ మామూలుగానే లేస్తుంది, ఏ హెచ్చరికా రాదు. ఆట మాత్రం పాత కుదుపులతో నడుస్తుంది. గడియారం తప్పు టైము చూపించడం మొదలుపెట్టిన కంప్యూటర్‌లో ఆటలు కూడా నెమ్మదించాయంటే, డ్రైవర్లు తిరగేసే ముందు జీపీయూ-జీ తెరిచి ఆ ఒక్క వరుస చూడండి. Disabled అని కనిపిస్తే కొత్త బ్యాటరీ వేసి, రెండు మీటలూ తిరిగి వేసుకుంటే సరిపోతుంది.